దుబాయ్ నుంచి వీపీఎన్‌తో లాగిన్ అయితే పాస్‌వర్డ్ సరిగ్గా ఉన్నా గూగుల్ ఎందుకు అడ్డుపడుతుంది?

ప్రశ్న: మాది సఖినేటిపల్లి. వారం కిందట దుబాయ్ వచ్చాను. పాత ఫోన్ ఇంట్లో మా ఆవిడకి ఇచ్చేసి ఇక్కడ కొత్తది కొన్నాను. వాట్సాప్ కాల్ కలవట్లేదంటే రూమ్‌లో వాళ్ళు వీపీఎన్ వేసిచ్చారు. ఇప్పుడు నా జీమెయిల్ పెడదామంటే పాస్‌వర్డ్ కరెక్టే అయినా మీరేనా అని అడుగుతోంది, ఓటీపీ ఇండియా నంబర్‌కి అంటోంది, ఆ సిమ్ ఇక్కడ సిగ్నల్ చూపించట్లేదు. వీపీఎన్ తీసి చూశాను, ఇండియా సర్వర్ పెట్టి చూశాను, ఇంకా బిగిసిపోయింది. పాస్‌వర్డ్ నాదే అయినప్పుడు నేను ఏ దేశంలో ఉంటే దానికెందుకండీ?

జవాబు:

ముందు ఒక పని చేయండి. ఈ రోజుకి ఇంక లాగిన్ ప్రయత్నాలు ఆపేయండి. మీరు మార్చి మార్చి చేసిన ప్రతి ప్రయత్నమూ మీ ఖాతా మీద అనుమానాన్ని పెంచుతూనే వచ్చింది. ఎలాగో చెప్తాను, గల్ఫ్ వెళ్ళే మన కోనసీమ వాళ్ళ ఫోన్లలో తరచూ కనబడే చిక్కే ఇది.

పాస్‌వర్డ్ కరెక్ట్‌గా కొట్టడం అనేది దొంగ కూడా చేసే పనే. వేరే ఏదో వెబ్‌సైట్ నుంచి బయటికి పొక్కిన పాస్‌వర్డ్‌లు తెచ్చి జీమెయిల్ మీద వేసి చూడటం వాళ్ళ రోజువారీ వ్యాపారం. అందుకని పాస్‌వర్డ్ సరిపోయాక కూడా ఇంకో లెక్క నడుస్తుంది: ఈ ఫోన్ ఇంతకుముందు చూసిందేనా, ఈ నెట్‌వర్క్ ఎవరిది, కిందటిసారి ఈ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడు. మూడిట్లో ఒకటి తేడా పడితే మామూలుగా పెద్ద గొడవ ఉండదు. మీకు మూడూ ఒకేసారి తేడా పడ్డాయి.

నెట్‌వర్క్ సంగతి మీరే కళ్ళారా చూడొచ్చు. బ్రౌజర్‌లో ipinfo.io/json తెరవండి. సఖినేటిపల్లిలో జియో మీద తెరిస్తే ఇలాంటిది కనిపిస్తుంది:

```
"city": "Hyderabad",
"country": "IN",
"org": "AS55836 Reliance Jio Infocomm Limited",
"timezone": "Asia/Kolkata"
```

ఊరు సఖినేటిపల్లి అయితే హైదరాబాద్ అని ఎందుకు వచ్చింది? నెట్‌లో మీ కనెక్షన్‌కి ఇచ్చే నంబరే ఐపీ అడ్రస్, అందులో జీపీఎస్ ఏమీ ఉండదు. మొబైల్ డేటా టవర్ నుంచి కంపెనీ వాళ్ళ గేట్‌వేకి వెళ్ళి, అక్కడి నుంచి ఇంటర్నెట్‌లోకి దిగుతుంది. ఏ ఐపీ ఎక్కడిదో రాసుకునే జాబితాలు చాలావరకు ఆ దిగే చోటునే మీ ఊరనుకుంటాయి. ఒక్కోసారి చెన్నై అని కూడా రావచ్చు. "హైదరాబాద్ నుంచి ఎవరో లాగిన్ అయ్యారు" అని మెయిల్ వస్తే మన వైపు చాలామంది ఉలిక్కిపడి పాస్‌వర్డ్ మార్చేస్తారు, నిజానికి అది వాళ్ళే. ఊరి పేరు మీద అంత నమ్మకం పెట్టుకోకూడదు. దేశం మాత్రం చాలావరకు సరిగ్గానే ఉంటుంది.

ఇందులో అసలు గట్టి వరస org అన్నది. ఐపీ అడ్రస్‌లు బ్లాకులు బ్లాకులుగా కంపెనీలకు రాసి ఉంటాయి. AS55836 అంటే జియో, AS9829 అంటే బీఎస్ఎన్ఎల్. ఇవి మనుషులు ఇంట్లోనో చేతి ఫోన్లోనో వాడుకునే నెట్‌వర్క్‌లని అందరికీ తెలుసు. ఇప్పుడు వీపీఎన్ ఆన్ చేసి అదే పేజీ మళ్ళీ తెరవండి. అక్కడ ఏదో డేటా సెంటర్ కంపెనీ పేరు వస్తుంది, సర్వర్లు అద్దెకిచ్చేవాళ్ళది. మామూలు మనిషి డేటా సెంటర్‌లో కూర్చుని జీమెయిల్ చూసుకోడు కదా. పైగా అది సత్రం చిరునామా లాంటిది. ఒకే అడ్రస్ మీద వందలమంది వచ్చి పోతుంటారు, వాళ్ళలో పాస్‌వర్డ్‌లు వేసి చూసేవాళ్ళూ ఉంటారు. వాళ్ళు తెచ్చిపెట్టిన చెడ్డపేరు ఆ రాత్రి అక్కడ దిగిన మీకూ అంటుకుంటుంది. ట్రాఫిక్ లైట్ల బొమ్మలు ఏరమని పదే పదే అడగడం దీనివల్లే. జియో మీద కూడా ఒక ఐపీని బోలెడుమంది పంచుకుంటారు గానీ, అది మొబైల్ కంపెనీదని తెలుసు కాబట్టి సైట్లు కాస్త చూసీచూడనట్టు పోతాయి.

ఇప్పుడు మీరు చెప్పిన దాన్ని ఒక సాయంత్రంగా వేసి చూద్దాం. ఇండియా టైమ్ రాత్రి 9:00కి మీ ఇంట్లో పాత ఫోన్ మీ ఖాతాతో నెట్‌లో ఉంది, చోటు హైదరాబాద్. 9:20కి, అంటే దుబాయ్‌లో 7:50కి, మీరు వీపీఎన్ ఆన్‌లో ఉండగా కొత్త ఫోన్లో పాస్‌వర్డ్ కొట్టారు. వీపీఎన్ ఆమ్‌స్టర్‌డామ్ సర్వర్ మీద ఉందనుకోండి. హైదరాబాద్ నుంచి అక్కడికి 7,300 కిలోమీటర్ల పైమాటే. ఇరవై నిమిషాల్లో అంత దూరమంటే గంటకు 22 వేల కిలోమీటర్ల వేగం. ప్రయాణికుల విమానం వెళ్ళేది గంటకు 900 దరిదాపుల్లో. 9:30కి వీపీఎన్ తీసేసి మళ్ళీ కొట్టారు, ఇప్పుడు దుబాయ్. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి దుబాయ్ 5,100 కిలోమీటర్ల పైన, పది నిమిషాల్లో. మీరు నిజం చూపించానని అనుకున్నారు, అవతల చూసేవాడికి మాత్రం మొదటిదాని కన్నా వేగమైన రెండో గెంతు కనిపించింది. ఆ తర్వాత ఇండియా సర్వర్, మూడో గెంతు.

ఈ లెక్కకు ఇంపాజిబుల్ ట్రావెల్ అని పేరు. గూగుల్ తన తూకం బయటపెట్టదు గానీ, ఆఫీసు ఖాతాల కోసం మైక్రోసాఫ్ట్ ఇలాంటిదే వాడుతూ కొంత రాసిపెట్టింది. అందులో ఒక రకం తనిఖీ కొత్త మనిషి అలవాట్లు నేర్చుకోవడానికి 14 రోజులో 10 లాగిన్‌లో, ఏది ముందైతే అంతవరకు ఆగుతుంది. కొత్త దేశంలో మొదటి రోజుల్లో చిరాకు ఎక్కువై, తర్వాత తగ్గిపోవడానికి మూలం ఈ అలవాటు పడటంలోనే ఉంది. రోజుకో దేశం సర్వర్ మార్చేవాడికి ఆ అలవాటు ఎప్పటికీ కుదరదు.

ఇండియా సర్వర్ ఎందుకు ఎదురు తిరిగిందో కూడా చెప్పాలి, ఎందుకంటే గల్ఫ్ రూముల్లో అందరూ ఇచ్చే సలహా అదే. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇండియాలో వీపీఎన్ నడిపేవాళ్ళు వాడకందారుల వివరాలు 5 ఏళ్ళు ఉంచాలి. అది ఇష్టం లేక కొన్ని పెద్ద వీపీఎన్ కంపెనీలు ఇండియాలో ఉన్న సర్వర్లు ఎత్తేశాయి. ఇప్పుడు వాళ్ళ యాప్‌లో మీరు నొక్కే ఇండియా చాలాసార్లు సింగపూర్ లాంటి చోట ఉన్న మెషిన్, కాగితం మీద మాత్రమే ఇండియా ఐపీ. దేశం IN అని వచ్చినా org వరసలో డేటా సెంటరే ఉంటుంది. దానికి తోడు మీ ఫోన్ గడియారం దుబాయ్ టైమ్‌లో ఉంటుంది, బ్రౌజర్ ఆ టైమ్‌జోన్‌ను సైట్‌కి చెప్పేస్తుంది. చిరునామా ఇండియా, గడియారం దుబాయ్. దాచడానికి ప్రయత్నిస్తున్న మనిషిలా కనబడతారు. నిజాయితీగా దుబాయ్ నుంచే వచ్చిన లాగిన్ దీనికన్నా నూరుపాళ్ళు నయం.

సరే, ఇప్పుడు లోపలికి వెళ్ళే దారి. మీ దగ్గర ఉన్న పెద్ద ఆస్తి ఇంట్లో మీ ఆవిడ చేతిలో ఉన్న పాత ఫోన్. మీ ఖాతా అందులో ఇంకా తెరిచే ఉండాలి, ఆవిడ పొరపాటున తీసేయకుండా ముందే చెప్పండి. రేపు వీపీఎన్ పూర్తిగా ఆఫ్ చేసి, మీరు రోజూ వాడే దుబాయ్ నెట్ మీదే, ఆవిడతో ఫోన్లో మాట్లాడుతూ ఒక్కసారి లాగిన్ మొదలుపెట్టండి. ఓటీపీ అడిగితే కంగారుపడి సిమ్ కోసం వెతకొద్దు, కింద Try another way అని ఉంటుంది, అది నొక్కండి. పాత ఫోన్‌కి ప్రాంప్ట్ పంపే దారి చూపిస్తే అది ఎంచుకోండి. మీ తెరమీద ఒక అంకె వస్తుంది, ఆవిడ ఫోన్‌లో కొన్ని అంకెలు వస్తాయి, మీరు చెప్పినదాన్ని ఆవిడ నొక్కాలి. ఆవిడకు ఒక్క మాట గట్టిగా చెప్పి ఉంచండి: మీరు లైన్‌లో ఉండి అడిగినప్పుడు తప్ప ఇంకెప్పుడు ఆ ప్రాంప్ట్ వచ్చినా నేను కాదు అనే నొక్కాలి.

లోపలికి వెళ్ళాక రికవరీ నంబర్‌గా దుబాయ్ నంబర్ పెట్టుకోండి. పాత నంబర్‌కి కూడా 7 రోజులపాటు కోడ్ పంపే అవకాశం గూగుల్ ఉంచుతుంది, అది లోపం కాదు, దొంగ లోపలికొచ్చి నంబర్ మార్చేస్తే అసలు మనిషి తిరిగి రావడానికి పెట్టిన గడువు. తర్వాత 2-Step Verification ఆన్ చేసి అందులో Backup codes తీసుకోండి. 8 అంకెల కోడ్‌లు 10 వస్తాయి, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది, కొత్త జాబితా తీస్తే పాతది చెల్లదు. కాగితం మీద రాసి పాస్‌పోర్ట్‌తో పెట్టుకోండి, ఫోన్ గ్యాలరీలో ఫొటో తీసి కాదు. అథెంటికేటర్ యాప్ కూడా పెట్టుకుంటే ఇంకా హాయి. ఆ కోడ్ 30 సెకన్లకోసారి ఫోన్లోనే పుడుతుంది, సిమ్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. ఫోన్ గడియారం తప్పు నడిస్తే మాత్రం కోడ్ తప్పంటుంది, అందుకని టైమ్ ఆటోమేటిక్‌లో ఉంచండి.

వీపీఎన్ గురించి ఒక హెచ్చరిక. యూఏఈలో నేరం చేయడానికో దాచడానికో వీపీఎన్‌తో చిరునామా మార్చితే జరిమానా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా ఉంది. ఇంటికి వీడియో కాల్ కోసం ఆ తలనొప్పి దేనికి, అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్ రెండు వైపులా వేసుకోండి. ఆఫీసు పని మీద వీపీఎన్ తప్పనిసరైతే, ఆండ్రాయిడ్‌లో చాలా వీపీఎన్ యాప్‌లకు స్ప్లిట్ టనలింగ్ అని ఉంటుంది, అందులో జీమెయిల్‌నీ, బ్యాంకు యాప్‌నీ వీపీఎన్ బయట వదిలేయండి.

ఇక బ్యాంకు. జీమెయిల్‌కి వేరే దారులున్నాయి గానీ, మన బ్యాంకులు చాలావరకు ఎస్ఎంఎస్ ఓటీపీ మీదే నిలబడతాయి, యూపీఐ యాప్ అయితే మొదలుపెట్టేటప్పుడు మీ సిమ్ నుంచే ఒక ఎస్ఎంఎస్ పంపిస్తుంది. కాబట్టి ఆ ఇండియా సిమ్‌ని బతికించుకోవాలి. సిగ్నల్ రాకపోవడానికి సాధారణంగా రెండే కారణాలు: రీచార్జ్ గడువు అయిపోవడం, ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ కాకపోవడం. మీ ఇంట్లో వాళ్ళు రాజోలులోనో నర్సాపురంలోనో కంపెనీ షాపుకి వెళ్ళి మీ నంబర్ మీద రోమింగ్ ఉన్న ప్యాక్ వేయించొచ్చు. మీరు సిమ్‌ని రెండో స్లాట్‌లో వేసి, డేటా రోమింగ్ మాత్రం ఆపేసి ఉంచండి. వచ్చే ఎస్ఎంఎస్‌కి మామూలుగా డబ్బు పట్టదు, వెళ్ళే ఎస్ఎంఎస్‌కి పడుతుంది. నెట్‌వర్క్ ఎంపిక ఆటోమేటిక్‌లో కుదరకపోతే మాన్యువల్‌లోకి వెళ్ళి అక్కడి రెండు కంపెనీలూ ఒక్కోటి పట్టి చూడండి. వాడకమే లేకుండా 90 రోజులు దాటితే ప్రీపెయిడ్ నంబర్‌ని కంపెనీ తీసేయవచ్చు, కొన్నాళ్ళకి అది ఇంకెవరికో వెళ్తుంది, అప్పుడు మీ బ్యాంకు ఓటీపీలు వాళ్ళ ఫోన్లో మోగుతాయి.