చెరువుల మురుగు కలుస్తున్నదని పేపర్ ఎడిటర్‌కి ఉత్తరం రాస్తే కేసు అయితదా?

ప్రశ్న: వకీల్ సాబ్, నేను ఇంటర్ సెకండియర్ చదువుతున్న, 17 ఏండ్లు, మాది మహబూబ్‌నగర్ దగ్గర ఒక టౌన్. మా కాలనీ పక్కన చెరువుల డ్రైనేజీ నీళ్లు, చెత్త వచ్చి చేరుతున్నయి. పేపర్ ఎడిటర్‌కి ఉత్తరం రాసిన. కమిషనర్ పైసలు తిని ఊకుంటున్నడని, పక్కనున్న ఫంక్షన్ హాల్ ఓనర్ రాత్రిపూట చెత్త పోయిస్తుండని పేర్లు పెట్టి రాసిన. మా నాన్న చదివి భయపడి పంపొద్దంటున్నడు. నా మీద కేసు అయితదా? పంపితే ఏమన్న ఫాయిదా ఉంటదా?

జవాబు: బిడ్డా, ఉత్తరం పంపు. కానీ ఆ రెండు మాటలు తీసేసి పంపు. మీ నాన్న భయం ఉత్తగ కాదు, కాకపోతే ఆయన ఉత్తరం మొత్తానికి భయపడుతున్నడు, భయపడాల్సింది ఆ రెండు వాక్యాలకే.

ముందు పరువు నష్టం సంగతి చెప్త. ఇదివరకు ఐపీసీ 499, 500 సెక్షన్లు ఉండె, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి ఇప్పుడు అది 356వ సెక్షన్. రెండేండ్ల దాక సాధారణ జైలు, లేకపోతే జరిమానా, లేకపోతే రెండూ, లేకపోతే సమాజ సేవ, ఇదీ శిక్ష. పోలీసులు తమంతట తాము ఎఫ్ఐఆర్ చేసే కేసు కాదిది, పరువు పోయిందనుకున్న మనిషే కోర్టుకు పోయి ప్రైవేట్ కంప్లయింట్ వెయ్యాలె. నీకు 18 నిండలేదు కాబట్టి ఒకవేళ వేసినా అది బాలల న్యాయ మండలి చూస్తది, జైలు అన్న మాటే రాదు. నువ్వు రాసినదానికి మీ నాన్న మీద క్రిమినల్ కేసు పడదు.

ఇంకోటి చాలామందికి తెల్వదు. మున్సిపాలిటీ అనే సంస్థ "మా పరువు పోయింది" అని నష్టపరిహారం దావా వెయ్యలేదు. 1994ల సుప్రీంకోర్టు ఆర్. రాజగోపాల్ కేసుల ప్రభుత్వానికి, స్థానిక సంస్థలకు ఆ హక్కు లేదని చెప్పింది. అంటే "మున్సిపాలిటీ పని చేస్తలేదు, నాలా మళ్లిస్తలేదు" అని నువ్వు ఎంత గట్టిగ రాసినా ఆ సంస్థ నుంచి నీకు ఇబ్బంది లేదు. ఇబ్బంది ఎక్కడ మొదలైతదంటే, సంస్థను వదిలి మనిషిని పట్టుకున్న కాడ. కమిషనర్ పని చేస్తలేడు అంటే అది ఆయన డ్యూటీ మీద విమర్శ, మంచి నమ్మకంతో చేసిన విమర్శకు చట్టంలనే మినహాయింపు ఉన్నది. పైసలు తిన్నడు అంటే అది ఆయన చేసిన నేరం గురించి నువ్వు చెప్పే సంగతి, రుజువు అడిగితే నీ దగ్గర ఏమున్నది? కాలనీల అందరు అనుకుంటున్నరు అంటే కోర్టుల పనికిరాదు. ఒకరు అన్న మాటను ఇంకొకరు అచ్చు వేయించినా అది కొత్తగ చేసిన ఆరోపణే అయితది.

ఫంక్షన్ హాల్ ఓనర్ విషయం కూడ అంతే, పైగా ఆయన ప్రైవేట్ మనిషి. పేరు తీసేస్త అంటవేమో, పేరు తీసేసి "చెరువు పక్కనున్న ఫంక్షన్ హాల్" అని రాసినా అక్కడ ఉన్నది ఒకటే హాల్ అయితే చదివినోళ్లందరికి ఎవరో తెలుస్తది కాబట్టి చట్టం దృష్టిల పేరు పెట్టినట్టే.

మరి అనుమానం ఉంటే ఎక్కడ చెప్పాలె అంటే, అధికారికి చెప్పాలె. ఆ మనిషి మీద చర్య తీసుకునే అధికారం ఉన్నోళ్లకు మంచి నమ్మకంతో ఫిర్యాదు చేస్తే అది పరువు నష్టం కాదని 356ల ఉన్న మినహాయింపుల్లనే ఒకటి చెప్తది. అందుకని నేను చెప్పేది ఏంటంటే కాయితాలు రెండు రాయి. పేపర్‌కి పంపేదాంట్ల నువ్వు కండ్లార చూసింది మాత్రమే ఉండాలె. ఆర్డీవోకి ఇచ్చేదాంట్ల చూసింది, అనుమానం రెండూ ఉండొచ్చు, కాకపోతే అనుమానాన్ని అనుమానం అనే రాయాలె, "రాత్రిపూట ట్రాక్టర్ వస్తున్నదని పక్కింటోళ్లు చెప్తున్నరు, విచారణ చేయండి" అని.

చూసింది అంటే ఎట్ల రాయాలె? వాన పడని రోజుల్ల పోయి నాలా చెరువుల కలిసే చోట నిలబడి చూడు. మున్సిపాలిటీ జవాబు ఎప్పుడూ ఒకటే ఉంటది, "అది వరద కాలువ, వాన నీళ్లే వస్తయి" అని. ఎండకాలంల, వానలు లేని వారంల కూడ ఆ నాలా ఆగకుండ పారుతుంటే అది వాన నీళ్లు అయ్యే సవాలే లేదు, ఇండ్ల నుంచి వచ్చే మురుగే. పొద్దుగాల అందరు స్నానాలు, బట్టలు చేసుకునే టైంకి పారుడు ఎక్కువై మధ్యాహ్నం తగ్గుతుంటే ఇంకా స్పష్టం. నీళ్ల రంగు, సబ్బు నురుగు, గుర్రపు డెక్క నాలా మూతి దగ్గర దట్టంగ ఉండి దూరం పోయినకొద్ది పలచబడుతున్నదా, ఇవి చూడు. ఒకే చోట నిలబడి, తేదీ పడేటట్టు, వేరువేరు రోజుల్ల ఫోటోలు తీయి. చెత్త దగ్గర కూడ అంతే, ఎవరు పోసిండ్రో రాయకు, ఏమున్నదో, ఎంత పొడుగు పడి ఉన్నదో రాయి.

ఇప్పుడు ఎడిటర్‌కి పంపే ఉత్తరం ఇట్ల ఉంటే చాలు:

"ఎడిటర్ గారికి, మా కాలనీ చెరువుల బస్టాండు దిక్కు నుంచి వచ్చే నాలా కలుస్తున్నది. వాన లేని రోజుల్ల కూడ అందులో నల్లటి నీళ్లు ఆగకుండ వస్తున్నయి, నేను తేదీలతో ఫోటోలు తీసిన. రోడ్డు పక్క ఒడ్డు పొడుగున ఎంగిలి ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, ఇండ్ల చెత్త పడి ఉన్నది. బతుకమ్మలు వేసే మెట్ల దాక మురుగు వచ్చింది. ఈ నాలాను చెరువుల కలవకుండ ఎప్పుడు మళ్లిస్తరు, చెత్త ఎవరు తీస్తరు, మున్సిపాలిటీ, ఇరిగేషన్ శాఖ ప్రజలకు జవాబు చెప్పాలె. ఇదే విషయం మీద ఆర్డీవో గారికి దరఖాస్తు ఇచ్చిన."

ఇందులో ఏ ఒక్క వాక్యం పట్టుకొని కూడ ఎవరు కేసు వెయ్యలేరు, పైగా మొదటి ఉత్తరం కంటే ఇదే అధికారులకు ఎక్కువ ఇబ్బంది, ఎందుకంటే లంచం మాట ఉంటే వాళ్లు దాని మీద కొట్లాడి నాలా సంగతి పక్కకు పెడతరు. నీ అసలు పేరు, అడ్రస్ ఎడిటర్‌కి ఇయ్యాలె, అచ్చుల మాత్రం కలం పేరు వెయ్యమని అడగొచ్చు. వెయ్యాల్నా వద్దా అన్నది ఎడిటర్ ఇష్టం, ఆయన మీద బలవంతం లేదు.

ఫాయిదా గురించి అడిగినవ్. పేపర్ల వచ్చిన ఉత్తరం చట్టం ప్రకారం ఫిర్యాదు కాదు, దాన్ని చూసి చర్య తీసుకోవాలని ఎవరికీ కట్టుబాటు లేదు. కానీ దారి ఉన్నది. ముంబై చెత్త మీద ఒక ఆన్‌లైన్ పత్రికల వచ్చిన వ్యాసం చూసి జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకున్నది, అట్ల తీసుకునే అధికారం ట్రిబ్యునల్‌కు ఉన్నదని 2021ల సుప్రీంకోర్టు ఒప్పుకున్నది. అట్ల జరుగుతదని ఆశ పెట్టుకొని కూసోవద్దు గని, అచ్చైన కటింగ్ జాగ్రత్తగ పెట్టుకో.

అసలు పని ఆర్డీవో దగ్గర ఉన్నది. ఆర్డీవో అంటే సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్ కూడ. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద, పాత సీఆర్‌పీసీల ఇది 133, జనానికి ఇబ్బంది చేసేదాన్ని తీసెయ్యమని ఆయన షరతుతో కూడిన ఆర్డర్ ఇయ్యొచ్చు. పోలీసు రిపోర్టే ఉండాలని లేదు, "ఇతర సమాచారం" వచ్చినా చాలని చట్టంల ఉన్నది కాబట్టి నీ వయసు అడ్డం రాదు. మన దగ్గర ఈ చెరువుల్ల ఎప్పుడూ జరిగే తకరారు ఒకటి ఉన్నది, చెరువు ఇరిగేషనోళ్లది, నాలా మున్సిపాలిటీది, ఒకరి మీద ఒకరు చెప్పుకుంట ఏండ్లకు ఏండ్లు గడుపుతరు, ఆర్డీవో ఆర్డర్ అయితే ఇద్దరికీ ఒకేసారి ఇయ్యొచ్చు. ఎదుటోళ్లు ఆ పని చెయ్యాలె, లేకపోతే వచ్చి ఎందుకు చెయ్యమో చెప్పాలె.

పైసలు లేవు అనే జవాబు వస్తదని ముందే అనుకో. దానికి 1980ల వచ్చిన రత్లాం తీర్పు ఉన్నది. మధ్యప్రదేశ్‌ల రత్లాం పట్నంల ఒక వార్డు జనం తెరిచి ఉన్న మోరీలు, కంపు, సారా ఫ్యాక్టరీ నీళ్లు తట్టుకోలేక మెజిస్ట్రేట్ దగ్గరికి పోయిండ్రు, ఆయన మున్సిపాలిటీకి ప్లాన్ వేసి ఆరు నెలల్ల పని చెయ్యమని ఆర్డర్ ఇచ్చిండు. మున్సిపాలిటీ బడ్జెట్ లేదని పై కోర్టులకు తిరిగింది. జస్టిస్ కృష్ణయ్యర్, జస్టిస్ చిన్నప్ప రెడ్డి ఆ సాకు ఒప్పుకోలేదు, చట్టం పెట్టిన బాధ్యతకు డబ్బు లేదనేది జవాబు కాదన్నరు. నీ దరఖాస్తుల ఈ సెక్షన్ నంబరు, ఈ తీర్పు పేరు రెండూ రాయి, లేకపోతే దాన్ని మామూలు అర్జీ లెక్క మున్సిపాలిటీకే పంపేసి చేతులు దులుపుకుంటరు. ప్రజావాణిల ఇస్తే ఎక్కువసార్లు అదే అయితది, అందుకే ఆర్డీవో ఆఫీసు ఇన్‌వార్డుల ఇచ్చి కాపీ మీద ముద్ర వేయించుకో, లేకపోతే స్పీడ్ పోస్టుల పంపి రసీదు పెట్టుకో.

నీళ్లు సీసాల పట్టి ల్యాబ్‌కి పంపుదామని అనుకుంటే ఆ ఖర్చు పెట్టకు. 1974 నీటి కాలుష్య చట్టం కింద ఎవరి మీదనన్న కేసు వెయ్యాలంటే కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసరే నమూనా తీయాలె, సీల్ వెయ్యాలె, రెండు భాగాలు చెయ్యాలె, ఆ పద్ధతి తప్పితే రిపోర్టు సాక్ష్యంగ చెల్లదు. కాబట్టి దరఖాస్తు కాపీ మండలి వాళ్లకు కూడ పంపి, నాలా మూతి దగ్గర నమూనా తియ్యమని అడుగు.

ఇన్ని చేసినా కదలకపోతే హరిత ట్రిబ్యునల్ ఉన్నది, మన రాష్ట్రానికి చెన్నై బెంచ్. నష్టపరిహారం అడగని దరఖాస్తుకు ఫీజు 1000 రూపాయలు. కారణం మొదలైన నాటి నుంచి ఆరు నెలల్ల వెయ్యాలె, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తరు. అక్కడ మాత్రం నువ్వు మైనర్‌వు కాబట్టి నీ తరఫున మీ నాన్న గాని, లేకపోతే ఆయన తన పేరు మీదనే గాని వెయ్యాల్సి ఉంటది, చెరువుల చేపలు పట్టే సొసైటీ వాళ్లు ఉంటే వాళ్లను కూడ కలుపుకోండి, నష్టం ముందుగల వాళ్లకే కాబట్టి కోర్టు వాళ్ల మాట తొందరగ వింటది. ఆరు నెలల లెక్కకు నీ ఫోటోల తేదీలే ఆధారం, అందుకే ఫోన్‌ల పెట్టుకొని ఊకోకుండ ఇంకో చోట కూడ కాపీ దాచిపెట్టు, వాట్సాప్‌ల పంపిన కాపీల తేదీ, లొకేషన్ వివరాలు పోతయి కాబట్టి ఒరిజినల్ ఫైళ్లే దాచాలె.