పెళ్లి చీరల ప్రకటన రాస్తున్న అమ్మాయికి

శ్రీకాకుళం

చిరంజీవికి ఆశీస్సులు.

మాఘమాసపు ముహూర్తాల కోసం విజయనగరంలోని చీరల దుకాణానికి నువ్వు రాసిన ప్రకటన అందింది. రెండుసార్లు చదివాను. మొదటి నాలుగు వాక్యాల్లో పట్టు మెరుపును, పెళ్లికూతురి సిగ్గును బాగానే వర్ణించావు. వాటిలో రెండు తీసేసినా నష్టం లేదు. నన్ను కలవరపెట్టినవి చివరి రెండు వాక్యాలు: "ఫాల్, పీకో, బ్లౌజు కుట్టు ఉచితం. 7 రోజుల్లో మార్పిడి సౌకర్యం, షరతులు వర్తిస్తాయి."

ఈ రెండు వాక్యాలూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయమ్మా. ఫాల్ కుట్టి, బ్లౌజు ముక్క కత్తిరించిన చీరను ఏ దుకాణమూ మళ్లీ అరలో పెట్టి అమ్ముకోలేదు. కాబట్టి ఉచిత సేవను అందుకున్న మరుక్షణమే కొన్నవారు మార్పిడి హక్కును వదులుకున్నట్టే. ఆ సంగతి నీ ప్రకటనలో ఎక్కడా లేదు. బొబ్బిలి నుంచో, సాలూరు నుంచో ఒక పూట బస్సులో వచ్చి చీర కొన్నవాళ్లు, ఇంటికి వెళ్లి రంగు నచ్చక అయిదో రోజున తిరిగి వస్తే, కౌంటరు దగ్గర మొదటిసారి ఆ మాట వింటారు. అప్పటికి వాళ్ల చేతిలో నీ కరపత్రం ఉంటుంది.

నేనూ ఒకప్పుడు ఇలాగే రాశాను. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం ముహూర్తపు చీర కొని, అదే రోజు ఫాల్ కుట్టించుకుని వెళ్లింది. మర్నాడు వాకిట్లో ఎండలో విప్పి చూస్తే, పైట చెంగుకు జానెడు ఇవతల పేక పోగు తప్పి, అడ్డంగా సన్నని గీత కనిపించింది. దుకాణంలోని దీపాల వెలుగులో అది ఎవరికీ కనిపించలేదు. వాళ్లు తిరిగి వస్తే దుకాణంవాళ్లు బిల్లు వెనుక ఉన్న "ఫాల్ కుట్టిన చీర మార్చబడదు" అన్న ముద్రను చూపించారు. మూడోసారి వచ్చాక గానీ చీర మారలేదు. ఆ పెళ్లికూతురి తల్లి నేను రాసిన కాగితాన్నే నా ముందు పరిచి, "ఇందులో ఈ మాట ఎక్కడుంది బాబూ?" అని అడిగారు. ఎక్కడా లేదు.

నా తప్పు ఒక షరతును వదిలేయడం ఒక్కటే కాదు. రెండు వేరు వేరు విషయాలను ఒకే మాటలో కలిపేయడం కూడా. నచ్చక తిరిగి ఇవ్వడం వేరు, లోపం ఉండి తిరిగి ఇవ్వడం వేరు. నచ్చని చీరను మార్చాలా వద్దా అన్నది దుకాణం తన ఇష్టం మీద పెట్టుకునే నియమం. లోపమున్న సరుకు సంగతి అలా కాదు. బిల్లులో చెప్పిన గడువులోగా, బిల్లులో గడువేమీ చెప్పకపోతే 30 రోజుల్లోగా, దాన్ని వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. అందువల్ల "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న పాత మాటను యజమాని అడిగినా ఉన్నదున్నట్టు రాయకు. ఆయనకు ఈ తేడా వివరించు. అంతకంటే మేలైన దారి, ఫాల్ కుట్టకముందే చీరను గుమ్మం దగ్గరి పగటి వెలుగులో పూర్తిగా విప్పి చూపించమని ఒప్పించడం. అది పావుగంట పని. ఆ మాటను ప్రకటనలో చెప్పుకుంటే దుకాణానికి గౌరవం కూడా.

ఇక మార్పుల సంగతి. "ఆల్టరేషన్లు ఉచితం" అని రాసే ముందు టైలరు దగ్గర కూర్చుని, ఏది సాధ్యమో ఏది కాదో అడుగు. బ్లౌజు బిగించడం తేలిక. వదులు చేయాలంటే మాత్రం కుట్టు లోపల వదిలిన గుడ్డ ఉండాలి. పక్క కుట్టులో ముందు, వెనుక భాగాలు రెండింటిలోనూ అరంగుళం చొప్పున విప్పితే ఆ పక్కన ఒక అంగుళం వస్తుంది, రెండు పక్కలా కలిపి రెండంగుళాలు. అంతకు మించి కావాలంటే గుడ్డ ఎక్కడి నుంచి తెస్తారు? చేతి పొడవైనా అంతే, లోపలికి మడిచి ఉంచినంత మేరకే పెరుగుతుంది. కుట్టు అంచు దాకా మగ్గం పని చేసిన బ్లౌజులో ఈ వీలు కూడా ఉండదు. ఫాల్ గుడ్డను ముందు నీళ్లలో తడిపి ఆరబెట్టి కుడతారా లేదా అన్నది కూడా కనుక్కో. తడపని నూలు ఫాల్ మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి చీర అంచును లాగేస్తుంది. అది మడమ దగ్గర ముడతగా కనిపిస్తుంది. తడిపి కుడుతున్నట్టయితే ఆ మాట తప్పక రాయి, కొనేవాళ్లకు అది అర్థమవుతుంది.

నీ చిత్తుప్రతిలో అసలే కనిపించని విషయం ఇంకొకటి ఉంది. పెళ్లివారు కొనేది ముహూర్తపు చీర ఒక్కటే కాదు, పెట్టుపోతలకు ఇరవయ్యో ముప్పయ్యో చీరలు కూడా. ఎవరో ఒకరు రారు, నాలుగైదు మిగిలిపోతాయి. కొన్నది పెళ్లికి నెల ముందు కాబట్టి, మిగిలిన సంగతి తెలిసే నాటికి నీ 7 రోజుల గడువు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. ఈ చీరలకు గడువును బిల్లు తేదీ నుంచి కాకుండా పెళ్లి తేదీ నుంచి లెక్కపెట్టమని యజమానిని అడిగి చూడు. మడత విప్పని చీరను తిరిగి తీసుకోవడంలో ఆయనకు పోయేదేమీ లేదు. పెళ్లివారికి మాత్రం ఏ దుకాణానికి వెళ్లాలో తేల్చే మాట అదే కావచ్చు.

వీటన్నిటినీ కలిపి నేనైతే ఇలా రాస్తాను. అంకెలు ఉదాహరణకే, దుకాణంలో అడిగి సరిచూసుకో.

"మా దగ్గర కొన్న ప్రతి పట్టుచీరకు ఫాల్, పీకో ఉచితం. బ్లౌజు కుట్టుకూలీ ఉచితం. లైనింగ్ గుడ్డకు, మగ్గం పనికి ధర వేరు. ఫాల్ కుట్టే ముందు, బ్లౌజు ముక్క కత్తిరించే ముందు చీరను పగటి వెలుగులో మీకు పూర్తిగా విప్పి చూపిస్తాం. కుట్టిన, కత్తిరించిన చీరను రంగు నచ్చలేదని మార్చలేము; నేతలో లోపం ఉంటే మాత్రం, కుట్టిన తరువాత అయినా, బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోగా తెస్తే చీర మారుస్తాం లేదా మీరు కోరితే డబ్బు తిరిగి ఇస్తాం. కుట్టించని చీరను 7 రోజుల్లోగా బిల్లుతో తెస్తే అదే విలువకు మరొకటి తీసుకోవచ్చు. పెట్టుపోతల చీరల్లో మడత విప్పకుండా మిగిలినవాటిని పెళ్లి తరువాత 10 రోజుల వరకు మార్చుకోవచ్చు. బ్లౌజును ఒకసారి ఉచితంగా సరిచేస్తాం. వదులు చేయడం రెండంగుళాల వరకే సాధ్యం. మామూలు బ్లౌజుకు ముహూర్తానికి 10 రోజుల ముందు, మగ్గం పనికి 25 రోజుల ముందు కొలతలు ఇవ్వండి."

నీ వర్ణన కంటే ఇది పొడవుగా ఉందని యజమాని అనవచ్చు. ఫ్లెక్సీ మీద మొదటి రెండు వాక్యాలు, మార్పిడి గురించిన ఒక వాక్యం చాలు. మొత్తం పాఠం కరపత్రంలోనూ బిల్లు వెనుకా ఒకే మాటలతో ఉండాలి. నా వ్యవహారంలో గొడవంతా ఆ రెంటికీ పొంతన లేకపోవడం వల్లనే వచ్చింది. "షరతులు వర్తిస్తాయి" అన్న మాటను పూర్తిగా కొట్టెయ్యి, షరతులన్నీ పైనే చెప్పేశావు. తగ్గింపు ధరల గురించి "50 శాతం వరకు" అని రాశావు. ఆ సగం ధర ఏ రకం చీరలకో పక్కనే చెప్పు, అంతే.

అచ్చుకు ఇచ్చే ముందు ఆ కాగితాన్ని టైలరుకు, కౌంటరులో బిల్లు రాసే అబ్బాయికి చదివి వినిపించు. మగ్గం పనికి 25 రోజులు చాలవని టైలరు అంటే, ఆయన చెప్పిన అంకే వేసి, సవరించిన ప్రతిని భోగికి ముందే నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు