పది శాతం అనుకుంటే నాలుగే వచ్చింది

ప్రశ్న: మేనేజర్ టీమ్ అందర్నీ కూర్చోబెట్టి, ఈసారి హైక్ బడ్జెట్ 5 శాతమే అన్నారు. నాకు 4 శాతం వచ్చింది. నా సీటీసీ 12 లక్షలు. 10 శాతం వస్తే నెలకు పదివేలు పెరుగుతాయి కదా అని 8 వేల ఎస్ఐపీ ముందే మొదలుపెట్టాను. ఇప్పుడేం చేయాలి? – హైదరాబాద్ పాఠకుడు

జవాబు: 5 శాతం అన్న మాటకూ మీ 4 శాతానికీ పొంతన ఉందండీ. టీమ్‌లో మీతో కలిపి పది మంది, అందరిదీ 12 లక్షలే అనుకోండి. మొత్తం జీతాలు కోటీ 20 లక్షలు, అందులో 5 శాతం 6 లక్షలు. ప్రమోషన్ డబ్బు కూడా ఇందులోంచే ఇవ్వాలంటే, ఒకరికి 15 శాతం ఇచ్చేసరికి లక్షా 80 వేలు పోతాయి. మిగతా 4 లక్షల 20 వేలు తొమ్మిది మందికి పంచితే తలా 4 శాతం కూడా రాదు. అందుకే మేనేజర్‌ని విడిగా కలిసి ఒక్కటే అడగండి: నాది తగ్గింది బడ్జెట్ వల్లా, రేటింగ్ వల్లా? బడ్జెట్ అయితే ఈ ఏడాదికి వాదించి లాభం తక్కువ. రేటింగ్ అయితే ఏ పనిలో వెనకబడ్డారో చెప్పమనండి.

ఇక అసలు లెక్క. హైక్ లెటర్ వెనక జీతం విడగొట్టి చూపించే పట్టిక ఉంటుంది, దాన్ని తీయండి. బేసిక్ సీటీసీలో సగం, వేరియబుల్ పదో వంతు, పీఎఫ్ పూర్తి బేసిక్ మీద అనుకుందాం. పెరిగిన 48 వేలలో వేరియబుల్‌కి 4,800 పోతుంది, అది నెలనెలా చేతికి రాదు. పీఎఫ్‌కి కంపెనీ వాటా, మీ వాటా కలిపి 5,760. గ్రాట్యుటీకి సుమారు 1,150. మిగిలేది దాదాపు 36,300, అంటే నెలకు 3 వేలు. పీఎఫ్ మీ డబ్బే, ఎక్కడికీ పోదు, కానీ దాంతో ఎస్ఐపీ కట్టలేరు. మీ పీఎఫ్ 1,800 దగ్గరే ఆగి ఉంటే చేతికి నెలకు 3,500 దాకా రావచ్చు.

ఇదే పద్ధతిలో 10 శాతం లెక్కేసినా నెలకు వచ్చేది సుమారు 7,550. పదివేలు అప్పుడూ వచ్చేవి కావు. ఇలా ముందే మాట ఇచ్చేసుకుని ఇబ్బంది పడినవాళ్లను చాలామందిని చూశాను, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

8 వేల ఎస్ఐపీని అలాగే వదిలేయకండి. ఖాతాలో డబ్బు లేక వాయిదా తిరిగొస్తే బ్యాంకు ప్రతిసారీ ఛార్జీ వేస్తుంది. నెలవారీ ఎస్ఐపీ వరసగా మూడుసార్లు తప్పితే రద్దవుతుంది. వచ్చే వాయిదాకు కొన్ని రోజుల ముందే దాన్ని ఆపేసి, 2,500తో కొత్తది పెట్టండి. ఇప్పటిదాకా కొన్న యూనిట్లు అలాగే ఉంటాయి, అమ్మనక్కర్లేదు. వేరియబుల్ ఖాతాలో పడిన నెలలో, పడినంతలోంచే ఒకేసారి అదే ఫండ్‌లో వేసుకోవచ్చు.