ఇంటి గొడవ మిల్లులోకి వస్తే ముందు ఆగేది పని మాట

ప్రశ్న: మా ఆఫీసులో ఇద్దరు వియ్యంకులు ఉన్నారు. పిల్లల కాపురం చెడి ఇద్దరికీ మాటల్లేవు. మిగతావాళ్లు రెండు గుంపులయ్యారు. నాకు ఇద్దరూ కావాల్సినవాళ్లే. ఎవరి వైపూ పోకుండా ఉండటం ఎట్లా?

ఉండలేరండీ. మీరు ఎవరి వైపు ఉన్నారో తేల్చేది మీరు కాదు, మీ పక్కవాళ్లు. నేను ఆదోనిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో పదకొండేళ్లు బండ్ల బరువు తూచే వేబ్రిడ్జి గుమాస్తాగా చేశాను. అక్కడ చూసింది చెబుతాను. మిల్లు పేరు, మనుషుల పేర్లు వద్దు. ఆ రెండు కుటుంబాలూ ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే ఉన్నాయి.

మా మిల్లులో పత్తి నుంచి గింజ తీసే జిన్నుల ఫిట్టరు చెల్లెల్ని, దూదిని నొక్కి బేళ్లు కట్టే ప్రెస్సు ఆపరేటరు తమ్ముడికి ఇచ్చారు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకుంటూ ఒకే బండి మీద పనికి వచ్చేవాళ్లు. 2017 ఉగాదికి ఆ అమ్మాయి పుట్టింటికి వచ్చి మళ్లీ పోలేదు. రచ్చకట్ట మీద మూడుసార్లు పంచాయితీ అయింది. పెద్దమనుషులు ఒక్కో సారి ఒక్కో మాట చెప్పి ఉన్నదాన్ని ఇంకా చెడగొట్టారు. నవంబరులో కొత్త పత్తి వచ్చి మిల్లు మొదలయ్యేసరికి ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు. ప్రెస్సాయన తల్లి అయితే కొడుకు చేత దేవుడి ముందు ఒట్టు వేయించుకుంది, ఆ ఇంటివాళ్లతో నోరు విప్పి మాట్లాడనని.

మిల్లులో దాదాపు అరవై మంది. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి చుట్టం. ముందు విడిపోయింది గేటు బయట టీ అంగడి దగ్గర. ఫిట్టరు వైపువాళ్లు చింతచెట్టు కింద బెంచీకి, ప్రెస్సు వైపువాళ్లు రోడ్డు వైపు బెంచీకి. హమాలీలు వాళ్ల వరసల ప్రకారం సర్దుకున్నారు. పత్తిలో చెత్త ఏరే ఆడవాళ్లకు మా అందరికంటే ముందే అన్నీ తెలుసు, వాళ్లు కూర్చునే వరసలు కూడా మారిపోయాయి. పాపం బీహారు నుంచి వచ్చిన ఆరుగురు కుర్రాళ్లకు ఆ పెళ్లి సంగతే తెలియదు. కానీ వాళ్ల గదులు ప్రెస్సు పక్కన ఉండేవి, అక్కడే వండుకు తినేవాళ్లు. అంతే, వాళ్లు ప్రెస్సాయన మనుషులు అయిపోయారు.

ఇక నా సంగతి. ఫిట్టరు నాకు బామ్మర్ది వరస, మా ఆవిడకు పిన్ని కొడుకు. ఒక సాయంత్రం కాగితం పట్టుకొచ్చాడు. పెళ్లిలో పెట్టిన బంగారం, సామాను జాబితా. సాక్షిగా సంతకం పెట్టమన్నాడు. నేను ఆ పెళ్లికి పోలేదు, ఆ రోజు మిల్లులో డ్యూటీ. అయినా ఇంట్లో ఆవిడ ముఖం చూసి పెట్టాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. ఆ కాగితం నకలు పది రోజుల్లో ప్రెస్సాయన చేతికి చేరింది.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. పెళ్లిలో వధూవరులకు ఇచ్చిన వస్తువుల జాబితా ఆ పెళ్లి సమయంలోనే రాసి, ఇద్దరూ సంతకం చేసి దాచుకోవాలని వరకట్న నిషేధ చట్టం కింద 1985లోనే నియమాలు వచ్చాయి. ఏ వస్తువు, సుమారు ఎంత విలువ, ఎవరు ఇచ్చారు, వాళ్ల చుట్టరికం ఏమిటి, అన్నీ అందులో రాయాలి. మా వైపు ఎన్ని పెళ్లిళ్లు చూశానో, చదివింపులు ఎవరెంత వేశారో రూపాయితో సహా పుస్తకంలో రాస్తారు, ఈ జాబితా మాత్రం ఎవరూ రాయరు. అడిగితే అపశకునం అంటారు. ఆరేళ్లకు కాపురం చెడినాక జ్ఞాపకం మీద రాసి, పనిచేసే చోట దొరికినవాళ్ల చేత సంతకాలు పెట్టిస్తారు. ఆఫీసుల్లో గుంపులు కట్టడానికి సగం కారణం ఈ సంతకాలే అని నా గట్టి నమ్మకం. మీ దగ్గరికి అట్లాంటి కాగితం వస్తే, కళ్లతో చూడనిదానికి సంతకం పెట్టకండి. అలిగితే అలగనివ్వండి. అలక ఒక పండక్కి పోతుంది, సంతకం పోదు.

అసలు సంగతికి వస్తా. సంక్రాంతి దాటిన వారం అది.

జిన్నింగ్ ఎట్లా జరుగుతుందో కొంచెం చెప్పాలి, లేకపోతే అర్థం కాదు. పత్తి జిన్నుల్లోకి పోతుంది. అక్కడ తోలు రోలర్లు, కత్తులు దూదినీ గింజనూ విడదీస్తాయి. మావి ఇరవై నాలుగు జిన్నులు. దూది అంతా బెల్టు మీద పక్క హాల్లోకి పోయి కుప్ప పడుతుంది. అక్కడి నుంచి ప్రెస్సులోకి తోస్తే 170 కిలోల బేలు అవుతుంది. గంటకు ఏడో ఎనిమిదో బేళ్లు. పత్తిలో రాయో, ఇనుప ముక్కో వచ్చి జిన్నులో తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. ఇది ఏ మిల్లులోనైనా సీజనులో కొన్నిసార్లు జరిగేదే. జిన్ను ఆపి, నీళ్లు చల్లి, కాలిన దూది తీసేస్తారు. కానీ ఆపేలోపే కొంత దూది బెల్టు మీద అవతలి హాల్లోకి పోయి ఉంటుంది. అందుకని జిన్నుల దగ్గరి మనిషి వెంటనే ప్రెస్సు వైపు కేకేస్తాడు, వాళ్లు ప్రెస్సు ఆపి కుప్పను తిరగేసి చూస్తారు. ఇదంతా నోటి మాట మీదే నడిచేది. ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ రోజు సాయంత్రం ఆరింటికి తొమ్మిదో నంబరు జిన్నులో ఒక బోల్టు పడి నిప్పు లేచింది. ఫిట్టరు జిన్ను ఆపాడు, ఆర్పాడు, బోల్టు తీశాడు, పావుగంటలో మళ్లీ నడిపాడు. పని వరకు తప్పేం లేదు. కేక మాత్రం వేయలేదు. బీహారు కుర్రాడొకడు అక్కడే గింజలు ఎత్తుతున్నాడు, వాడు చూశాడు. వాడితోనన్నా చెప్పి పంపొచ్చు. కానీ వాడు ‘వాళ్ల మనిషి’ కదా. వాడు కూడా తనకెందుకని ఊరుకున్నాడు. ప్రెస్సు రాత్రి పదింటి దాకా ఆడింది, ముప్పై బేళ్లు కట్టారు.

తెల్లవారి నాలుగున్నరకు వాచ్‌మన్ నన్ను లేపాడు, గోడౌనులో గుడ్డ కాలిన వాసన వస్తోందని. పొగ లేదు, మంట లేదు. బేలు లోపల నిప్పు ఉంటే అట్లాగే ఉంటుంది. దూది గట్టిగా నొక్కుకుపోయి ఉంటుంది, నిప్పు కణిక లోపలున్న కొద్దిపాటి గాలితో మెల్లగా రాజుకుంటూ రోజుల తరబడి ఉండగలదు. పైన నీళ్లు పోస్తే ఆ గట్టిదనానికి లోపలికి దిగవు. గోడౌనులోనే బేలు విప్పితే గాలి తగిలి ఒక్కసారిగా మంట లేస్తుంది, పక్క బేళ్లు కూడా పోతాయి. చేతితో తడిమి చూడాలి, వేడి తెలుస్తుంది, కట్టిన తీగ దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. నేను ఒక్కో బేలు మీద చెయ్యి పెట్టుకుంటూ పోయాను. జనవరి చలికి అన్నీ మంచులాగా ఉన్నాయి. ఒకటి మాత్రం పొద్దున్నే దించిన అన్నం గిన్నెలాగా వెచ్చగా తగిలింది. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ నాకు అరచెయ్యి చెమట పడుతుంది. గోడౌనులో అప్పుడు నాలుగు వందల పైన బేళ్లున్నాయి.

హమాలీలను లేపి, ఆ బేలును మైదానం మధ్యకు దొర్లించి, నీళ్ల పైపు పట్టుకుని తీగలు కోశాం. మధ్యలో పిడికిలంత నల్ల గుంత, అంచున ఎర్రగా కణకణ. బేళ్ల మీద నంబర్లుంటాయి కాబట్టి సాయంత్రం ఆరు తర్వాత కట్టిన మిగతా ఇరవై తొమ్మిదీ గుర్తుపట్టి, బయట దూరం దూరంగా పెట్టి, పది రోజులు కాపలా ఉన్నాం. ఇంకేదీ రాజుకోలేదు. ప్రాణనష్టం లేదు.

పొద్దున్నే యజమాని ఇద్దరినీ నిలబెట్టి అడిగాడు. ఫిట్టరు “నన్నెవరన్నా అడిగినారా సామీ, అడిగింటే చెప్పేవాణ్ని” అన్నాడు. ప్రెస్సాయన నా వైపు చూసి, “నువ్వు కూడా సంతకం పెట్టినోడివే కదన్నా, నీకు తెలిసే ఉంటాది” అన్నాడు. నాకు నిజంగా తెలియదు. కానీ నేను చెప్పింది అక్కడ ఒక్కరూ నమ్మలేదు.

యజమాని మొదట చేసింది అందరూ చేసే పనే, ఇద్దరినీ వేరు వేరు షిఫ్టుల్లో వేశాడు. వారానికే తెలిసింది అది తప్పని. ఎవరి షిఫ్టులోకి వాళ్ల మనుషులు అడిగి మరీ మారిపోయారు. పగలు ఒక పార్టీ మిల్లు, రాత్రి ఇంకో పార్టీ మిల్లు. పగలు అరిగిన రోలరు గురించి రాత్రివాళ్లకు చెప్పే దిక్కు లేదు. అంతకు ముందు ఇద్దరికే మాటల్లేకపోతే, ఇప్పుడు మిల్లు మొత్తానికి మాటల్లేవు. మీ మేనేజరు కూడా ఇదే ఆలోచన చేస్తుంటే ఆపించండి. ఇంకో తప్పు, ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేయబోవడం. రచ్చకట్ట మీద తేలనిది ఆఫీసు గదిలో తేలదు, పైగా చేయబోయినవాడు మూడో పార్టీ అవుతాడు.

మాకు పనికొచ్చింది చాలా చిన్నది. జిన్నులకూ ప్రెస్సుకూ మధ్య గోడకు నల్ల పలక ఒకటి, పక్కన గంట ఒకటి పెట్టించాం. జిన్ను ఏ కారణంతో ఆగినా నంబరు, టైము, కారణం సుద్దతో రాయాలి. నిప్పు అయితే గంట కొట్టాలి. ప్రెస్సు నుంచి ఒకరు వచ్చి కుప్ప చూసి కింద గీత గీస్తేనే ఇద్దరూ మళ్లీ నడపాలి. ప్రెస్సాయన ఒట్టు నోటితో మాట్లాడనని కదా, సుద్దముక్కకు ఒట్టు లేదు. మొదటి రోజు ఫిట్టరు “9, 11.20, రాయి” అని రాశాడు. ప్రెస్సాయన వచ్చి చాలాసేపు దాని ముందు నిలబడి, కుప్ప తిరగేయించి, గీత గీసి పోయాడు. అందరం పని ఆపి చూశాం.

మీరూ ముందు అదే చూడండి. ఆ వియ్యంకులిద్దరి మధ్య రోజూ నోటి మీద నడిచే పని మాటలు ఏవి? ఏ ఫైలు ఎక్కడుందో, ఎవరు సెలవో, ఏ బిల్లు ఆగిందో, అట్లాంటివి. వాటిని కాగితం మీదకో, ఇద్దరికీ కనిపించే చోటికో మార్చండి. మీరు మధ్యవర్తిగా మాటలు మోయకండి. నేను నెల రోజులు మోశాను, రెండు వైపులా అబద్ధాలకోరుననిపించుకున్నాను. టీ తాగేచోట మాత్రం రోజు మార్చి రోజు అటూ ఇటూ కూర్చోండి, ఎవరేమన్నా సరే.

నా సంతకం సంగతి అడుగుతారేమో. ఆ జాబితా స్టేషను దాకా పోయింది, నన్నూ పిలిచారు. పెళ్లికి నేను పోలేదని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా ఆవిడ పుట్టింటివాళ్లు రెండేళ్లు మా గడప తొక్కలేదు. ఆ అమ్మాయికి 2020లో విడాకులు వచ్చాయి. బావా బామ్మర్దులిద్దరూ ఇంకా అదే మిల్లులో ఉన్నారు, ఇంకా మాటల్లేవు. పోయిన సంవత్సరం పని మీద అటు పోతే చూశాను, పలక అట్లాగే ఉంది, కొత్తగా రంగు వేశారు. కింద గీతలు మాత్రం ప్రెస్సాయనవే, కొంచెం వంకరగా గీస్తాడు ఆయన.