బ్రాకెట్ల కొటేషన్‌తో పంపే కవరింగ్ లెటర్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: బాలానగర్‌లో ఒక వీఎంసీ మిల్లింగ్ మిషన్‌తో కొత్తగా జాబ్‌వర్క్ షాపు పెట్టాను. 50 అల్యూమినియం బ్రాకెట్లకు రేటు పంపితే కస్టమర్ "చిన్న ముక్కకి ఇంతా? మూడు వారాలా?" అంటున్నారు. పర్చేజ్ వాళ్లు వివరంగా లెటర్ పెట్టమన్నారు. అందులో ఏం రాయాలి, ఎంతవరకు చెప్పాలి?

జవాబు: మాది జీడిమెట్ల వైపు షాపు, రెండు వీఎంసీలు. మొదట్లో నేను కొటేషన్ అంటే ఒక రేటు, ఒక తేదీ, కింద సంతకం అనుకునేవాణ్ణి. అలా పంపినప్పుడల్లా బేరం ఫోన్ వచ్చేది, లెక్క చూపించినప్పుడు డ్రాయింగ్ గురించి ఫోన్ వచ్చేది. నాకు రెండో ఫోనే ఇష్టం.

ఈ మధ్య నేను పంపిన కొటేషన్ ఒకటి మీ జాబ్‌కి దగ్గరగానే ఉంటుంది, అదే చెప్తాను. ఎల్ ఆకారం బ్రాకెట్, 6061 టీ6, కొలత 80 × 60 × 40, మందం 8 మిల్లీమీటర్లు. నాలుగు బోల్టు రంధ్రాలు, డోవెల్ పిన్నులకు 8 మిల్లీమీటర్ల హెచ్7 టాలరెన్స్ రంధ్రాలు రెండు, పైన క్లియర్ అనోడైజింగ్ పూత. 50 ముక్కలు.

వాళ్ల మొదటి ప్రశ్న బరువు మీదే. "తయారైన ముక్క 160 గ్రాములు, మీరు 670 గ్రాముల మెటీరియల్ వేశారేంటి?" అని. వైస్‌లో పట్టుకుని అన్ని వైపులా ఫేసింగ్ చేయాలంటే 85 × 65 × 45 బ్లాంక్ కోయాలి, దాని బరువు 670 గ్రాములు. ఎల్ లోపలి భాగమంతా చిప్స్‌గా పోతుంది. అంటే కొన్న లోహంలో నాలుగింట మూడొంతులు డబ్బాలోకే. ఈ సంగతి లెటర్‌లో ఒక్క వాక్యంలో రాసేయండి. రాయకపోతే మీరు దాచినట్టు ఉంటుంది. (చిప్స్ అమ్ముకుంటారుగా అని కూడా అడుగుతారు. స్టీలూ అల్యూమినియమూ కలిసిపోయిన చిప్స్‌కి వచ్చేది టీ ఖర్చులకే సరిపోతుంది.)

నా లెక్కలో ఒక్కో ముక్కకి మెటీరియల్ కోతతో కలిపి 310 రూపాయలు. మిషన్ మీద మూడు సెటప్‌లలో మొత్తం 24 నిమిషాలు, మా గంట రేటు 600 కాబట్టి 240. బర్ తీసి చెక్ చేయడానికి 30, అనోడైజింగ్ 45. మొత్తం 625. దాని మీద ఓవర్‌హెడ్, రిజెక్షన్, లాభం కలిపి 20 శాతం వేస్తే 750. మీ గంట రేటు, మెటీరియల్ రేటు వేరుగా ఉంటాయి. ఇక్కడ అంకెల కంటే వాటిని విడగొట్టిన తీరు చూడండి.

ఎందుకంటే అసలు గొడవ లెక్కలో తర్వాతి భాగంలో ఉంటుంది. ప్రోగ్రామ్, మూడు సెటప్‌లు కలిపి 7 గంటలు, అంటే 4,200. రెండో సెటప్‌లో ముక్క జారకుండా దాని ఆకారానికి తగ్గట్టు వైస్‌కి సాఫ్ట్ జాస్ చేసుకోవడానికి 1,800. మొదటి ముక్కని బయట సీఎంఎం అనే కొలత మిషన్ మీద కొలిపించడానికి 1,500. మొత్తం 7,500. ముక్క ఒకటైనా వెయ్యైనా ఈ ఖర్చు మారదు. 50 మీద పంచితే ముక్కకి 150 పడి రేటు 900 అవుతుంది. 200 ఇస్తే 790కి దిగుతుంది. 10 మాత్రమే అంటే 1,630 దాకా వెళ్తుంది, ఎందుకంటే అనోడైజింగ్ వాళ్లు లాట్‌కి కనీసం 1,500 తీసుకుంటారు. మూడు పరిమాణాలకీ మూడు రేట్లు లెటర్‌లోనే ఇచ్చేయండి. రిపీట్ ఆర్డర్ వస్తే జాస్, సీఎంఎం ఖర్చు మళ్లీ వేయనని కూడా రాయండి. ఆ మూడు రేట్లు చూసి 50 బదులు 100 ఇచ్చినవాళ్లున్నారు. గంట రేటు, లాభం శాతం మాత్రం లెటర్‌లో పెట్టకండి. అవి మీ నోట్‌బుక్‌లోనే ఉండాలి.

టైమ్ విషయంలోనూ అదే పద్ధతి. 50 ముక్కలకి మిషన్ టైమ్ 20 గంటలే, కానీ డెలివరీ 15 పనిదినాలు. కస్టమర్‌కి టెన్షన్ వచ్చేది ఇక్కడే. కాబట్టి రోజుల్ని విడివిడిగా రాయండి. మెటీరియల్ వచ్చి మిషన్ ఖాళీ అయ్యేసరికి 5, సెటప్, మొదటి ముక్క 1, దానికి కస్టమర్ అప్రూవల్ 1, మిగతా మిషనింగ్ 3, అనోడైజింగ్‌కి బయటికి పంపి తెచ్చుకోవడానికి 4, చివరి చెకింగ్, ప్యాకింగ్ 1.

ఈ రోజులు ఎప్పటి నుంచి లెక్క? ఇది రాయకే నేను ఒకసారి దెబ్బతిన్నాను. "15 రోజులు" అని మాత్రమే రాశాను. పర్చేజ్ ఆర్డర్, అంటే పీఓ, సోమవారం వచ్చింది, మార్చిన డ్రాయింగ్ తొమ్మిదో రోజున వచ్చింది. వాళ్ల లెక్క సోమవారం నుంచే. ఆలస్యం అయిందని బిల్లులో కోత పెట్టారు, నా దగ్గర చూపించడానికి కాగితం లేదు. అప్పటి నుంచి "పీఓ, అడ్వాన్స్, ఫైనల్ డ్రాయింగ్ మూడింటిలో ఏది చివర అందితే ఆ రోజు నుంచి" అని రాస్తున్నాను. అప్రూవల్ ఎన్ని రోజులు ఆలస్యమైతే డెలివరీ అన్ని రోజులు వెనక్కి జరుగుతుందని కూడా.

లెటర్‌లో మూడో పేరా మీరు ఏం అనుకుని రేటు వేశారో చెప్పేది. నేను ఎక్కువ సమయం పెట్టేది దాని మీదే. 8 హెచ్7 అంటే రంధ్రం 8.000 నుంచి 8.015 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, అంటే మొత్తం 15 మైక్రాన్ల వెసులుబాటు. అనోడైజింగ్ పూత 15 మైక్రాన్లయితే అందులో మూడో వంతు నుంచి సగం దాకా ఉపరితలం పైకి లేస్తుంది. రంధ్రానికి రెండు వైపులా లేస్తుంది కాబట్టి వ్యాసం 10 నుంచి 15 మైక్రాన్లు తగ్గుతుంది. మిషన్ దిగినప్పుడు 8.006 ఉన్న రంధ్రం అనోడైజింగ్ నుంచి 8.000 కంటే తక్కువై వస్తుంది, గో గేజ్ దూరదు. మొదటి ఏడాది 40 ముక్కలు నాకు అలాగే వచ్చాయి. రీమర్ వేస్తే పూత పోయింది, కస్టమర్ తీసుకోలేదు. ఇప్పుడు రంధ్రాల్లో ప్లగ్గులు పెట్టి పంపుతాను, లేదా ముందే పెద్దగా రీమ్ చేస్తాను. ఏది కావాలో కొటేషన్ దశలోనే అడుగుతాను.

మేము ఇంగ్లీష్‌లోనే పంపుతాం. సారాంశం ఇలా ఉంటుంది:

"మీ డ్రాయింగ్ రివిజన్ ఎ ప్రకారం 50 బ్రాకెట్లకు ఒక్కోటి రూ. 900, జీఎస్టీ అదనం. ఇందులో ముక్కకి రూ. 150 ఒకసారి మాత్రమే అయ్యే సెటప్, ఫిక్స్చర్, మొదటి ముక్క తనిఖీ ఖర్చు. 10, 200 ముక్కల రేట్లు కింది పట్టికలో ఇచ్చాం. ముక్కని పూర్తి దిమ్మ నుంచి మిల్లింగ్ చేస్తాం కాబట్టి మెటీరియల్ బరువు తయారైన బరువుకి నాలుగింతలు. డెలివరీ 15 పనిదినాలు, పీఓ, అడ్వాన్స్, ఫైనల్ డ్రాయింగ్‌లలో చివరిది అందిన రోజు నుంచి. పిన్ను రంధ్రాల కొలత అనోడైజింగ్ తర్వాతదిగా తీసుకుని, వాటిని మూసి పూత వేయించే ఖర్చు కలిపాం. కాదంటే తెలపండి. మెటీరియల్ రేటు మారుతుంది కాబట్టి ఈ ధర 15 రోజులే చెల్లుతుంది."

ఇంతే, ఒక్క పేజీ. క్షమాపణలు, పొగడ్తలు వద్దు.

ఈ లెటర్ వెళ్లిన మర్నాడే వాళ్ల డిజైన్ అబ్బాయి ఫోన్ చేశాడు. పిన్ను రంధ్రాలు రెండూ టైట్‌గా ఉండక్కర్లేదని, ఒకటి హెచ్7, రెండోది స్లాట్ చేస్తే చాలని ఇద్దరం తేల్చుకున్నాం. రెండు మూసేచోట ఒకటే మూయాలి కాబట్టి ముక్కకి 20 రూపాయలు తగ్గించాను. రివిజన్ బి వచ్చింది, 15 రోజుల లెక్క అక్కడి నుంచి మొదలైంది.