తాళం వేసిన ఇంటికి బదులు పక్కిల్లు రాయొచ్చా?

ప్రశ్న: "ఎంఏ ప్రాజెక్టు కోసం గాజువాకలో సిటీ బస్సు వాడకం మీద ఇంటింటి సర్వే చేస్తున్నాను. పగలు వెళ్తే చాలా ఇళ్లకు తాళాలే. పక్కింట్లో అడిగేసి నంబర్ సరిపెట్టొచ్చా అండీ?"

వద్దండీ. విశాఖలో కొన్నేళ్లుగా ఇంటింటి సర్వేలకు ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. సర్వేని ఎక్కువగా పాడుచేసేది ఈ పక్కిల్లే.

పగలు పదకొండింటికి తలుపు తీసేదెవరు? ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు, రిటైరైనవాళ్లు, నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగి (ఆయనైతే విసుక్కుంటూ). తాళం వేసిన ఇంట్లోవాళ్లు పనికి పోయారు. బస్సు ఎక్కువగా ఎక్కేది వాళ్లే కావచ్చు. పక్కింట్లో అడిగితే, ఇంట్లో ఉండేవాళ్ల జాబితాలోనే ఇంకొకరు చేరతారు.

లెక్క వేసి చూడండి. 400 ఇళ్లు ఎంచుకున్నారనుకుందాం. 240 ఇళ్లలో జవాబు దొరికింది, వాటిలో 30 శాతం, అంటే 72 ఇళ్లు రోజూ బస్సు వాడతాయి. తాళం ఉన్న 160 ఇళ్లలో నిజానికి 60 శాతం, అంటే 96 వాడతాయనుకోండి. మొత్తం 168, అంటే 42 శాతం. మీ రిపోర్టులో మాత్రం 30 అని ఉంటుంది. దొరకనివాళ్ల వాటా 0.4ని, రెండు గుంపుల మధ్య తేడా 30తో గుణిస్తే ఆ 12 పాయింట్లు వచ్చేస్తాయి. ఇందులో ఎన్ని ఇళ్లు తిరిగారన్న సంగతే లేదు. ఇదే పద్ధతిలో 4,000 ఇళ్లు తిరిగినా తప్పు అంతే ఉంటుంది.

అదే ఇంటికి వేళ మార్చి మళ్లీ వెళ్లండి: ఓసారి సాయంత్రం ఏడు దాటాక, ఓసారి ఆదివారం పొద్దున. ఏ జవాబు ఎన్నో విజిట్‌లో దొరికిందో ఫారం మీద రాసి, విజిట్లవారీగా శాతాలు తీయండి. మొదటిసారి 30, రెండోసారి 41, మూడోసారి 52 ఇలా పెరుగుతూ పోతుంటే, ఇంకా దొరకనివాళ్లలో బస్సు వాడకం అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. అంకె కదలకపోతే కాస్త టెన్షన్ తగ్గించుకోవచ్చు. అయితే ఇది తాళాల సంగతి మాత్రమే. ఇంట్లో ఉండి "చెప్పం, వెళ్లండి" అన్నవాళ్ల తీరు వేరు, వాళ్లకి వేరే కోడ్ వేయండి.

ఇదంతా ఎందుకని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఫారం లింకు పెడదామనుకుంటారేమో. ఆ గ్రూపుల్లో లేనివాళ్లు మొదట్లోనే జారిపోతారు, వాళ్లని వెతకడానికి మీ దగ్గర జాబితా కూడా ఉండదు.

సాయంత్రం వెళ్తే ఇంకో చిక్కు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుంటారు. "టికెట్ లేకుండా ఎప్పుడైనా ఎక్కావా తమ్ముడూ?" అని తండ్రి ముందు అడిగితే ఏ కుర్రాడైనా లేదనే అంటాడు. అలాంటి ప్రశ్నలు మీరు చదవకండి. కాగితం, పెన్ను అతని చేతికిచ్చి, టిక్కు పెట్టాక మడిచి కవర్లో వేయమనండి. పేరు అడగొద్దు. అయినా అసలు సంఖ్య కొంత తక్కువే పడుతుంది.

రిపోర్టులో ఎంచుకున్న ఇళ్లెన్ని, జవాబిచ్చినవెన్ని, తాళాలెన్ని, కాదన్నవెన్ని అని నాలుగు అంకెలూ వేయండి. వైవాలో ముందు అడిగేది అవే.