నోటీసు డబ్బు పేరుతో గ్రాట్యుటీ ఆపేయవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, కూకట్‌పల్లిలో ఒక ప్రైవేట్ కంపెనీలో 2018 నవంబర్ 20న చేరి, 2025 జూన్ 30న మానేశాను. బేసిక్ 19,500, డీఏ లేదు. 24 ఎర్న్‌డ్ లీవులు మిగిలాయి. నెల రోజుల నోటీసు ఇవ్వలేదని సెటిల్‌మెంట్ మొత్తం ఆపేశారు. బాకీ ఏమీ లేదని సంతకం పెట్టమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ కాగితం మీద ఇప్పుడు సంతకం పెట్టకండి. నోటీసు బాకీ వేరు, గ్రాట్యుటీ వేరు. ఈ రెంటినీ కలిపేయడం దగ్గరే మీకు అన్యాయం జరుగుతోంది.

అపాయింట్‌మెంట్ లెటర్‌లో షరతు ఉంటే నోటీసు తాలూకు డబ్బును మీ చివరి జీతంలో, లీవుల డబ్బులో పట్టుకోవచ్చు. గ్రాట్యుటీని మాత్రం ముట్టుకోకూడదు. మీరు 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి రాకముందే మానేశారు కాబట్టి మీకు 1972 నాటి గ్రాట్యుటీ చట్టమే వర్తిస్తుంది. ఆస్తి నష్టం చేయడం, హింసకు దిగడం వంటి తప్పులకు ఉద్యోగం నుంచి తొలగించినప్పుడే గ్రాట్యుటీ కోయవచ్చని దాని సెక్షన్ 4(6) చెబుతోంది. మీది రాజీనామా.

మీ సర్వీసు ఆరేళ్ల ఏడు నెలలు దాటింది. ఆరు నెలలకు మించిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కేయాలి కాబట్టి మీకు ఏడేళ్లు. బేసిక్‌ను 26తో భాగిస్తే 750, దాన్ని 15తో గుణిస్తే ఏడాదికి 11,250. ఏడేళ్లకు 78,750 రూపాయలు. ఆరేళ్లే లెక్కగట్టి 67,500 అని చూపిస్తే ఒప్పుకోకండి. మానేసిన 30 రోజుల్లో ఇవ్వాలి. ఆలస్యమైతే ఏడాదికి 10 శాతం సాధారణ వడ్డీ, అంటే మీకు నెలకు దాదాపు 656 రూపాయలు.

లీవుల డబ్బుకు కంపెనీ పాలసీలో రోజు రేటు ఎలా కట్టారో చూడండి. బేసిక్‌ను 30తో భాగిస్తే 24 రోజులకు 15,600 వస్తుంది. పోర్టల్‌లో మీ లీవ్ బ్యాలెన్స్‌ను, లాగిన్ తీసేయకముందే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

మీ బేసిక్ 21,000 లోపే కాబట్టి, కంపెనీలో 20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే 2024-25 బోనస్ కూడా మీదే. మానేశారనే కారణంతో అది పోదు. కనీసం 8.33 శాతం. దాన్ని నెలకు 7,000 మీద గానీ, మీ పనికి ప్రభుత్వం పెట్టిన కనీస వేతనం అంతకంటే ఎక్కువైతే దాని మీద గానీ కట్టాలి.

ముందుగా గ్రాట్యుటీ కోసం ఫారం-ఐ నింపి కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రసీదు జాగ్రత్త. ఇవ్వకపోయినా, తక్కువిచ్చినా గ్రాట్యుటీ తగాదాలు తేల్చే అధికారి, అంటే కంట్రోలింగ్ అథారిటీ దగ్గర ఫారం-ఎన్ వేయాలి. దీనికి 90 రోజుల గడువు ఉంది. దాటితే ఆలస్యానికి కారణం రాసి, మన్నించమని కోరవచ్చు. చాలామంది ఇక్కడే తప్పు ఆఫీసుకు వెళ్లి నెలలు పోగొట్టుకుంటారు. కంపెనీ తెలంగాణలోనే ఉంటే రాష్ట్ర కార్మిక శాఖ. వేరే రాష్ట్రాల్లో కూడా బ్రాంచీలుంటే హైదరాబాద్‌లోని కేంద్ర లేబర్ కమిషనర్ కార్యాలయం. బ్రాంచీల సంగతి ముందు ఆరా తీసి, ఆ తర్వాతే ఫారం-ఎన్ వేయండి.